"వేడి చేసింది" అంటే డాక్టరుకు ఏం తెలుస్తుంది?

మా అమ్మ ఒక్క మాట పట్టుకుని నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. "వేడి చేసింది." ఆ మాటే మా ఊళ్ళో ఆర్‌ఎంపీకి చెప్పింది, కావలిలో చూపించుకున్న రెండు చోట్లా చెప్పింది, నాకూ చెప్పింది. నాలుగు నెలల్లో మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ మింగింది. మూడుసార్లూ రెండు రోజులు తగ్గినట్టు అనిపించి, తర్వాత ఇంకా ఎక్కువైంది. ఇదంతా రాస్తానంటే ముందు వద్దంది. రెండు రోజుల తర్వాత తనే, "మా పేర్లు, ఊరి పేరు లేకుండా రాయి, ఎవురికైనా పనికొస్తే రానీ" అంది. అందుకే రాస్తున్నాను.

నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకు "వేడి చేయడం" గురించి వేరే చెప్పనక్కర్లేదు. కళ్ళు మండినా వేడే, నోరు పూసినా వేడే, మూత్రం మండినా వేడే. అమ్మకు ఫిబ్రవరి మొదట్లో మంట మొదలైంది. ఎండలు ముదిరేకొద్దీ అది ముదిరింది కాబట్టి వేడే అని అందరం నమ్మేశాం. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ అన్నీ అయ్యాయి. పొదలకూరు నుంచి తెచ్చిన నిమ్మకాయలు పిండి, చక్కెర బాగా వేసి రోజుకు రెండు గ్లాసులు ఇచ్చింది నేనే. సాయంత్రాలు చెరకు రసం కూడా తాగింది. అదెంత తప్పో తర్వాత తెలిసింది.

మే నెలాఖరు, రోహిణి కార్తె. నేను మళ్ళీ సెలవు మీద ఇంటికి వచ్చాను. రాత్రి రెండు గంటలకు అమ్మ బాత్రూంలో చల్లనీళ్ళు పోసుకుంటున్న చప్పుడుకు లేచాను. అడిగితే అదే జవాబు.

"ఒంటికి పోతే మంట. వేడి చేసుంటది."

"యాడ మంటమ్మా?"

"యాడంటే? అక్కడే."

ఆ "అక్కడే" అన్న మాట దగ్గరే నా వాదన మొదలవుతుంది. ఇలాంటి జబ్బుల గురించి ఎవరు మాట్లాడినా "సిగ్గుపడకండి, ధైర్యంగా చెప్పండి" అంటారు. మా అమ్మకు ధైర్యం లేక కాదు. మూడుచోట్లకు వెళ్ళింది, డబ్బు కట్టింది, వరసలో కూర్చుంది, మంటగా ఉందని చెప్పింది. ఆమె దగ్గర లేనివి మాటలు. తెలుగులో ఆ భాగాలకు ఒకవైపు సంస్కృతం ఉంది, ఇంకోవైపు బూతు ఉంది. యోని, జననాంగం, మర్మాంగం అనే మాటలు అమ్మ పేపర్లో చదివిందేమో గానీ, నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నోటితో పలికి ఉండదు. చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ మాటలన్నీ తిట్లే, వాటిని డాక్టరు ముందు ఎలా అంటుంది? ఆ రెండింటి మధ్య మిగిలింది "అక్కడ", "కింద", "వేడి", "తెల్లబట్ట". సిగ్గు పోగొట్టుకోమని చెప్పేవాళ్ళు బదులు ఏ మాట వాడాలో చెప్పరు. సిగ్గు ఉంటే ఉండనివ్వండి, మాటలు దొరికితే సిగ్గుతోనే చెప్పవచ్చు.

ఆ మాటలేమీ పెద్దవి కావు. ఆ భాగం పేరు తెలియకపోతే అది చేసే పని చెప్పి చూపించవచ్చు. మూత్రం వచ్చే రంధ్రం, నెలసరి వచ్చే దారి, దాని చుట్టూ ఉండే బయటి పెదవులు, తొడకూ పొట్టకూ మధ్య ఉండే గజ్జ మడత, మలద్వారం. అమ్మ "అక్కడ" అన్నప్పుడల్లా ఈ అయిదు చోట్లలో ఏదైనా కావచ్చు. ఒక్కోచోట వచ్చే జబ్బు వేరు, మందు వేరు. గజ్జ మడతలో అంచులు ఎర్రగా గుండ్రంగా పాకే దురద మామూలుగా తామర. నెలసరి దారి చుట్టూ దురద ఉంటే డాక్టరు ఆలోచన ఇంకో దిక్కుకు పోతుంది. మూత్రం వచ్చే దారిలోపల మంట అంటే మరో దిక్కు.

మంట విషయంలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. అది మాకు మూడుచోట్ల ఎవరూ వేయలేదు. మంట మూత్రం బయటికి వస్తున్నప్పుడు లోపల పుడుతోందా, లేక వచ్చిన మూత్రం బయటి చర్మానికి తగిలాక పుడుతోందా? మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ ఉంటే మంట లోపల ఉంటుంది. దానికి తోడు అర్జంటుగా వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే కొంచెమే వస్తుంది, పొత్తికడుపు కింద బరువుగా నొప్పి ఉంటుంది. బయటి చర్మం పుండుపడి, చీలి ఉంటే మూత్రం మామూలుగానే వస్తుంది, తగిలినచోట మాత్రం గాయం మీద ఉప్పునీళ్ళు పోసినట్టు మండుతుంది. రెంటినీ మనం ఒకే మాటతో చెబుతాం, "ఒంటికి పోతే మంట" అని. ఆ మాట విన్న ఎవరైనా ముందు మూత్రం ఇన్ఫెక్షన్ అనే అనుకుంటారు. అమ్మకు జరిగింది అదే.

ఆ రాత్రి బాత్రూం గడప దగ్గర కూర్చుని నేను ఈ ప్రశ్న అడగలేదు, అప్పటికి నాకూ తెలియదు. మరుసటి రోజు నెల్లూరులో నర్సుగా పనిచేసే నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె అడగమంది. అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించి, "లోపల ఏం లేదు, తగిలినచోటే" అంది. నాలుగు నెలల తర్వాత మాకు దొరికిన మొదటి పనికొచ్చే సమాచారం అదే. స్నేహితురాలు ఇంకో మాట చెప్పింది. డాక్టరు దగ్గర నోరు తిరగకపోతే కాగితం మీద రాసి చేతికిమ్మంది.

నెల్లూరు బస్సులో అమ్మ కిటికీ పక్కన, నేను పక్క సీట్లో. నేను నోట్‌బుక్‌లో ప్రశ్న రాసి చూపిస్తే అమ్మ చెవిలో జవాబు చెప్పింది. కొన్నింటికి తల ఊపింది, కొన్నింటికి పెన్ను తీసుకుని తనే రాసింది. కోవూరు దాటి, పెన్నా బ్రిడ్జి ఎక్కేసరికి కాగితం పూర్తయింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"వయసు 48. నెలసరి ఇంకా వస్తోంది, చివరిసారి మే 9న వచ్చింది. ఫిబ్రవరి మొదటి వారం నుంచి మూత్రం పోసేటప్పుడు మంట. మంట లోపల కాదు, మూత్రం తగిలిన బయటి చర్మం మీద. పది నిమిషాలు ఉండి తగ్గుతుంది. నెలసరి దారి చుట్టూ, బయటి పెదవుల మీద దురద, రాత్రి ఎక్కువ, నిద్ర పట్టదు. చర్మం ఎర్రగా ఉంది, రెండు చోట్ల సన్నగా చీలింది. తెల్లగా విరిగిన పాల మాదిరి గడ్డగడ్డలుగా పడుతుంది, చెడు వాసన లేదు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తాను, ప్రతిసారీ బాగానే వస్తుంది. జ్వరం లేదు, నడుము నొప్పి లేదు, మధ్యలో రక్తం కనపడలేదు. మూడుసార్లు యాంటీబయాటిక్ వాడాను, చీటీలు తెచ్చాను. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు నెల నుంచి పూస్తున్నాను. పటిక నీళ్ళతో రోజూ రెండుసార్లు కడుగుతున్నాను. క్యాన్సరేమోనని భయం."

చివరి వాక్యం అమ్మ తనే రాసింది. అప్పటిదాకా ఆ భయం ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పని భయానికి డాక్టరు కూడా జవాబు చెప్పలేరు. చీటీలో భయానికి ఒక వరస ఉండాలని నేను గట్టిగా అంటాను.

"తెల్లబట్ట" అనే మాట మేం రాయలేదని గమనించే ఉంటారు. ఆ మాట వాడకూడదని కాదు. అది చెప్పాక ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. నెల మధ్యలో కోడిగుడ్డు తెల్లసొనలా జారుగా కనిపించేది ఆరోగ్యంగా ఉన్న ఒంటి పని, జబ్బు కాదు. విరిగిన పాలలా గడ్డలుగా పడి, దురద ఎక్కువగా ఉండి, వాసన లేకపోతే ఫంగస్ అనుమానం వస్తుంది. పల్చగా, బూడిద తెలుపులో ఉండి, చేపల నీచు వాసన వేస్తే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇంకో రకం. పసుపు పచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి కావచ్చు, అప్పుడు భర్తకు కూడా మందు ఇవ్వాలి. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళం, చేపల నీచు ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా అక్కడికి వచ్చేసరికి "వాసన" అన్న ఒక్క మాట అనడానికి నోరు రాదు.

ఈ లక్షణాలు కొన్నిసార్లు కలిసిపోతాయి, చూపుతోనే కచ్చితంగా తేలవు. స్వాబ్ తీసి మైక్రోస్కోపు కింద చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. కానీ అన్నిచోట్లా ఆ వసతి ఉండదు. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు, ఇలాంటి ఇబ్బందులకు ఉండే సురక్ష క్లినిక్‌లలో లక్షణాలను బట్టే మందు ఇచ్చే పద్ధతి ఉంది. ఏ లక్షణాలకు ఏ మందుల కిట్టు అని రంగుల వారీగా ఉంటాయి. నెలసరి దారి నుంచి పడే స్రావానికి ఇచ్చేది ఆకుపచ్చ కిట్టు, పొత్తికడుపు నొప్పి కూడా ఉంటే పసుపు కిట్టు. మీరు చెప్పిన మాటలు, డాక్టరు చూసినది కలిపి కిట్టు రంగు తేలుతుంది. అందుకే మాట తప్పితే మందు కూడా తప్పుతుంది.

డాక్టరమ్మ చీటీ రెండుసార్లు చదివారు. "ఎవరు రాశారు?" అని అడిగి, మేం చెప్పాక పాత రిపోర్టులు చూశారు. కావలిలో చేసిన మూత్రపరీక్షలో పస్ సెల్స్, అంటే చీము కణాలు, పది పన్నెండు అని ఉంది. అది చూసే అప్పుడు యాంటీబయాటిక్ రాశారు. డబ్బాలో మూత్రం ఎలా పట్టాలో మీకు చెప్పారా అని అడిగారు. చెప్పలేదు. ముందు నీళ్ళతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలట. లేకపోతే బయట ఉన్న స్రావం కలిసి, అందులోని పస్ సెల్స్ మూత్రంలోవిగా కనపడతాయి. అదే రిపోర్టులో ఇంకో వరస మీద ఆమె వేలు పెట్టి ఆగారు. షుగర్, రెండు ప్లస్‌లు. ఆ కాగితం నెలన్నరగా మా ఇంట్లో బీరువాలో ఉంది. అందరం పస్ సెల్స్ దగ్గరే ఆగిపోయాం.

ఆ తర్వాత ఆమె నన్ను బయట కూర్చోమన్నారు. నాకు ఒక్క క్షణం బాధ వేసింది, ఇంతా చేసింది నేనే కదా అని. తర్వాత అర్థమైంది. భర్తతో కలిసేటప్పుడు నొప్పి ఉందా, ఆయనకు ఏమైనా ఇబ్బంది ఉందా అన్న ప్రశ్నలకు ఏ తల్లీ కూతురి ముందు నిజం చెప్పదు. తోడు వెళ్ళేవాళ్ళు తలుపుదాకా సాయం, లోపల ఒక్కోసారి అడ్డం. లోపల అమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఓపీ గదిలో వెనకే ఇంకో ముగ్గురు నిలబడి ఉంటే "కాస్త విడిగా చెప్పాలండీ" అనడం మీ హక్కు. మగ డాక్టరైతే పరీక్ష చేసేటప్పుడు ఆడ నర్సును పక్కన ఉండమని అడగండి. ఎవరూ తప్పు పట్టరు.

అమ్మ మొదటి మూడుసార్లు వెళ్ళేముందు సబ్బు పెట్టి శుభ్రంగా రుద్దుకుని, పౌడరు వేసుకుని వెళ్ళిందట. డాక్టరు చూస్తే అసహ్యించుకుంటారేమోనని. అలా కడిగేసుకున్నదే వాళ్ళకు కనపడాల్సింది. వెళ్ళే రోజు మామూలు స్నానం చాలు. ఆ రోజు పొద్దున ట్యూబు పూయకండి, లోపల కడగకండి. పూస్తున్న ట్యూబు మాత్రం సంచిలో వేసుకెళ్ళండి. అమ్మ తెచ్చిన ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి డాక్టరమ్మ పక్కన పెట్టేశారు. అందులో ఫంగస్ మందుతో పాటు బలమైన స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ దురదను రెండు రోజులు నొక్కేస్తుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది, అక్కడి పల్చటి చర్మం ఇంకా పల్చబడి చీలుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావడానికి అదొక కారణం.

యాంటీబయాటిక్స్ ఇంకో కారణం. నెలసరి దారిలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది, పాలు పెరుగుగా తోడుకోవడానికి పనికొచ్చే బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టం. అది ఫంగస్‌ను అదుపులో పెడుతుంది. యాంటీబయాటిక్ దాన్ని చంపేస్తుంది, ఫంగస్‌ను మాత్రం ఏమీ చేయదు. అంటే మూడు కోర్సులూ జబ్బుకే మేలు చేశాయి. వాటన్నిటి వెనక ఉన్నది షుగర్. పరగడుపున 198 వచ్చింది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4. రాత్రి నాలుగుసార్లు లేచి, ప్రతిసారీ ధారాళంగా పోయడం షుగర్ లక్షణం. చీటీలో ఆ ఒక్క వాక్యం చదివే అనుమానం వచ్చిందని ఆమె చెప్పారు. నేను పోసిన నిమ్మరసాలు, చెరకు రసాలు గుర్తొచ్చి బస్సులో తిరిగొస్తున్నప్పుడు ఏడ్చాను.

మందు చాలా చిన్నది. ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్రలు మూడు, మూడేసి రోజులకు ఒకటి, వాటితో పాటు షుగర్ మాత్రలు. ఇది అమ్మకు ఆమె చూసి రాసిన మోతాదు. గర్భిణులకు ఆ మాత్ర మామూలుగా ఇవ్వరు, కొన్ని ఇతర మందులతో పొసగదు కూడా, అందుకే ఇది చదివి సొంతంగా కొనుక్కునేది కాదు. వారంలో దురద తగ్గింది, చీలికలు మానడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళు మాత్రల పేర్లు కూడా చీటీలో రాసుకోండి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే రకం షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తుంది. వాటితో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ అక్కడ ఫంగస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మాత్ర సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెబితే సరిపోతుంది.

మగవాళ్ళు దీన్ని ఆడవాళ్ళ గొడవగా చదివి వదిలేస్తారేమో. మగపిల్లల విషయంలో "అక్కడ" అనే మాట ఇంకా ప్రమాదం. పన్నెండు, పద్నాలుగేళ్ళ కుర్రాడికి అకస్మాత్తుగా ఒకవైపు బీజంలో భరించలేని నొప్పి వచ్చి, వాంతి అయితే, ఆ బీజం మెలి తిరిగి రక్తం ఆగిపోయి ఉండవచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ ఆశ తగ్గిపోతుంది. ఆ వయసు పిల్లాడు అమ్మానాన్నలకు చెప్పేది మాత్రం "కడుపు నొప్పి" అనే. అమ్మ వాము నీళ్ళు ఇస్తుంది, తెల్లారేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మగపిల్లాడు కడుపు నొప్పి అని మెలికలు తిరుగుతుంటే "బీజాల్లో ఏమైనా నొప్పి ఉందా?" అని నేరుగా అడగండి. వాడు సిగ్గుతో తల తిప్పుకున్నా అడగండి. ఉంది అంటే ఆ రాత్రే ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆడవాళ్ళలో కూడా చీటీ రాసుకుంటూ కూర్చోకూడని సందర్భాలున్నాయి. మూత్రం మంటతో చలిజ్వరం, పక్కటెముకల కింద వీపు నొప్పి వస్తే అదే రోజు వెళ్ళాలి. మూత్రం అసలు రాకపోయినా, గర్భంతో ఉండి రక్తం కనపడినా అంతే. నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత చుక్క రక్తం కనపడితే, భర్తతో కలిశాక రక్తం కనపడితే వాయిదా వేయకండి. నొప్పి లేని పుండుకు కూడా చూపించుకోవాలి, నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. మందు వాడాక కూడా రెండు వారాల్లో దురద తగ్గకపోతే అదే మందు మళ్ళీ కొనకుండా తిరిగి వెళ్ళండి. దురద పెట్టే తెల్ల మచ్చలన్నీ ఫంగస్ కావు, కొన్నింటికి చిన్న ముక్క తీసి పరీక్షించాల్సి వస్తుంది.

క్యాన్సర్ గురించి ఆ రోజు డాక్టరమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని, చూశానమ్మా, అలాంటిదేమీ కనపడలేదు, అయినా గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఒకసారి చేయిద్దాం అన్నారు. తర్వాత చేయించాం, మామూలుగానే ఉంది. తిరుగు ప్రయాణంలో అమ్మ నెల్లూరు బస్టాండు దాటకముందే నిద్రపోయింది. నాలుగు నెలల్లో పగటిపూట ఆమె అలా నిద్రపోవడం నేను చూడలేదు.

పోయిన నెల అల్లూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. అమ్మ వంటింట్లో స్పీకర్ పెట్టుకుని మాట్లాడుతోంది. పిన్ని గొంతు తగ్గించి, "వేడి చేసిందక్కా, ఒంటికి పోతే ఒకటే మంట" అంది. అమ్మ స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పెరట్లోకి నడిచింది. గిన్నెలు కడుగుతున్న నాకు ఒక్క వాక్యమే వినపడింది.

"లోపల మంటా, తగిలినచోట మంటా? ముందు అది చెప్పు."